బండి కోసం ముప్పై వేలు

బ్యాంకు మేనేజర్‌కి పెట్టుకునే అర్జీ అనగానే చాలామందికి తెలిసిన నమూనా ఒకటే. "అయ్యా, నేను నిరుపేదరాలిని, నాకు ఇద్దరు పిల్లలు, దయతలచి లోను మంజూరు చేయించగలరని ప్రార్థన." జిరాక్స్ షాపుల్లో, మీసేవ కేంద్రాల పక్కన టైపు చేసిచ్చే కాగితాల్లో సగం ఇలాగే ఉంటాయి. అందులో అబద్ధమేమీ లేదు. కానీ మేనేజర్‌కి కావలసిన సంగతీ ఏమీ లేదు. ఆయన పేదరికాన్ని చూసి లోను ఇవ్వలేడు, నెలనెలా వాయిదా ఎక్కడి నుంచి వస్తుందో చూసి ఇవ్వగలడు. ఆ వివరం కాగితం మీద లేకపోతే, "మళ్లీ రండమ్మా" అనడం ఆయనకు సులువు.

కూరగాయలు అమ్ముకోవడానికి మూడు చక్రాల సైకిల్ బండి కొనాలనుకునే ఒకావిడను ఊహించుకుందాం. సికింద్రాబాద్ శివార్లలో ఉంటుంది. తెల్లవారుజామున బోయిన్‌పల్లి మార్కెట్‌కి వెళ్లి, ముప్పై కిలోల సరుకు తెచ్చుకుని, కాలనీ మొదట్లో గోనెపట్టా పరుచుకుని కూర్చుంటుంది. అన్నీ పోగా రోజుకు 200 రూపాయలు మిగులుతాయి. బండి ఉంటే ఎనభై కిలోలు వేసుకుని నాలుగు వీధులు తిరగగలదు. ఆమె అర్జీ ఎలా ఉండాలి, అందులో ఆదాయం లెక్క ఎలా కట్టాలి అన్నదే ఈ వ్యాసం. ఇక్కడి ధరలు లెక్క కోసం అనుకున్నవి. మీ ఊళ్లో మార్కెట్ రేటు, బండి ధర ఎంతో అవే వేసుకోవాలి.

ముందుగా ఏ లోను అడగాలో తేల్చుకోవాలి. వీధి వ్యాపారులకు అనగానే అందరూ చెప్పేది పీఎం స్వనిధి. 2020 జూన్‌లో మొదలైన ఈ పథకంలో మొదటి విడత 10 వేలు ఉండేది. 2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం దాన్ని 15 వేలకు పెంచింది. అది సక్రమంగా కడితే రెండో విడత 25 వేలు, ఆ తర్వాత 50 వేలు వస్తాయి. ఇది ప్రధానంగా సరుకు పెట్టుబడి కోసం ఇచ్చే అప్పు. మున్సిపాలిటీ సర్వేలో పేరు ఎక్కి, వీధి వ్యాపారి గుర్తింపు కార్డో ధ్రువపత్రమో, లేదంటే సిఫారసు లేఖో ఉండాలి. మొదటి విడత డబ్బుతో బండి, కాటా, సరుకు అన్నీ రావు. రెండోది ముద్రా పథకం, 2015 ఏప్రిల్‌లో వచ్చింది. అందులో 'శిశు' అనే మెట్టు కింద 50 వేల దాకా హామీ ఆస్తి లేకుండా ఇస్తారు. బండి కొనుక్కోవడానికి మనం అనుకున్నావిడకు సరిపోయేది ఇదే. "ఏదో ఒక లోను ఇప్పించండి" అని కాకుండా, "ముద్రా శిశు కింద 30 వేలు" అని అడిగితే మేనేజర్ ఏ ఫారం తీయాలో ఆయనకు వెంటనే తెలుస్తుంది.

ఆ 30 వేలు ఎలా వచ్చిందో కూడా కాగితం మీద కనబడాలి. గుండ్రని అంకె చూడగానే బ్యాంకు వాళ్లకు అనుమానం వస్తుంది. బండికి 20 వేలు. ఎలక్ట్రానిక్ కాటాకు 3 వేలు, దాని మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. క్రేట్లు, వానకు కప్పే పట్టా 2 వేలు. ఇదంతా 25 వేలు. ఇక సరుకు పెట్టుబడి 8 వేలు. మొత్తం 33 వేలు, అందులో తన చేతి డబ్బు 3 వేలు. సరుకు పెట్టుబడిని చాలామంది వదిలేస్తారు. బండికే డబ్బంతా పెట్టి, మొదటి రోజు బండి నింపడానికి మళ్లీ వడ్డీ వ్యాపారి దగ్గరికి పోతారు. అప్పుడు బ్యాంకు లోను వచ్చి కూడా పాత అప్పు వదలదు.

చేతి డబ్బు 3 వేలు చిన్నదే. శిశు లోన్లకు చాలా బ్యాంకులు దాన్ని తప్పనిసరిగా అడగవు కూడా. అయినా రాస్తే మంచిది. బండి తయారుచేసే వాళ్ల దగ్గర కొటేషన్ తీసుకుని జతచేయాలి. దాని మీద షాపు పేరు, చిరునామా, బ్యాంకు ఖాతా వివరాలు ఉండాలి. ఎందుకంటే బండి సొమ్మును బ్యాంకులు సాధారణంగా అప్పు తీసుకున్న వారి చేతికి ఇవ్వకుండా నేరుగా ఆ షాపు ఖాతాకే పంపిస్తాయి. తెలిసిన షాపతనితో ఉత్తుత్తి కొటేషన్ రాయించుకుని ఆ డబ్బు పెళ్లి ఖర్చుకు తిప్పుకునేవాళ్లు ఉంటారు. తర్వాత బ్యాంకు మనిషి బండి చూడటానికి వస్తే చూపించడానికి ఏమీ ఉండదు. లోను తీరేదాకా బండి ఆమె దగ్గరే ఉంటుంది, ఆమే వాడుకుంటుంది, కానీ కాగితం మీద బ్యాంకుకు హామీగా ఉంటుంది. కట్టడం పూర్తయ్యేదాకా దాన్ని అమ్మకూడదు.

ఇప్పుడు అసలైన ఆదాయం లెక్క. అర్జీల్లో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే.

"రోజుకు ఎంత వస్తుందమ్మా?" అని మేనేజర్ అడుగుతాడు. "రెండు వేల ఆరొందలు వస్తాయి సార్" అంటుంది. అది గల్లా పెట్టెలో పడే డబ్బు. ఆదాయం కాదు. కాగితం మీద నెలకు 78 వేలు ఆదాయం అని రాసిస్తే, కూరగాయల బండి మీద అంత మిగలదని ఆయనకు తెలుసు. ఒక్క అంకె నమ్మకపోతే మిగతావీ నమ్మడు. ఎక్కువ చూపిస్తే ఎక్కువ లోను వస్తుందని పక్కవాళ్లు చెప్పే సలహా ఇక్కడ ఎదురు తిరుగుతుంది.

సరైన లెక్క కొనుగోలు దగ్గర మొదలవుతుంది. టమాటా, వంకాయ, బెండకాయ, పచ్చిమిర్చి, ఆకుకూర అన్నీ కలిపి 80 కిలోలు, సగటున కిలో 25 చొప్పున 2,000 రూపాయలు. అమ్మేది సగటున కిలో 38. ఎనభైని ముప్పై ఎనిమిదితో గుణిస్తే 3,040 అవుతుంది కదా అనిపిస్తుంది. కానీ ఎనభై కిలోలూ ఆ ధరకు పోవు. ట్రే అడుగున నలిగిన టమాటాలు ఉంటాయి. మధ్యాహ్నానికి ఆకుకూర వాడిపోతుంది, తడి ఆరి బరువు తగ్గుతుంది. సాయంత్రం ఆరు దాటాక మిగిలిందాన్ని రేపటికి పెట్టుకోలేక వచ్చిన ధరకు ఇచ్చేయాలి. కాబట్టి 60 కిలోలు మంచి ధరకు పోయాయనుకుందాం, 2,280 రూపాయలు. 14 కిలోలు సాయంత్రం కొన్న ధరకే, అంటే 350. 6 కిలోలు పారబోత. మొత్తం వచ్చింది 2,630. కొన్నది తీసేస్తే 630.

అందులోంచి మార్కెట్ నుంచి ఆటోలో వాటా 80, హమాలీకి 20, కవర్లకు 20, టీ టిఫిన్లకు 40, బండి పంక్చర్లు, గ్రీజు, చిన్న మరమ్మతులకు రోజుకు 20 చొప్పున పక్కన పెడితే 180 పోతాయి. మిగిలేది 450. వారానికో రోజు సెలవు, పండగలు, ఒంట్లో బాగోని రోజులు తీసేసి నెలకు 26 రోజులు పట్టుకుంటే 11,700 రూపాయలు. బండి లేనప్పుడు 200 చొప్పున 5,200 వచ్చేది. అంటే బండి వల్ల నెలకు 6,500 అదనంగా వస్తుంది. మేనేజర్‌కి చెప్పాల్సిన అంకె ఇదే. ఆ అదనంలోంచే వాయిదా కడతారు.

పారబోతను, సాయంత్రం నష్టపు అమ్మకాన్ని అర్జీలో రాస్తే తమను అసమర్థులనుకుంటారని కొందరు భయపడతారు. నా ఉద్దేశంలో అది తలకిందుల భయం. ఆ రెండు అంకెలూ కనబడితేనే ఈ మనిషికి వ్యాపారం తెలుసునని చదివేవాళ్లకు అర్థమవుతుంది. కూరగాయలు ఎప్పుడూ అమ్మనివాళ్ల లెక్కలోనే ఎనభైకి ఎనభై కిలోలూ అమ్ముడవుతాయి.

తర్వాత ఇంటి లెక్క. భర్త వాచ్‌మన్‌గా తెచ్చే 12 వేలు, ఈమె 11,700 కలిపి 23,700. అద్దె 5,000, తిండికి 8,000, పిల్లల చదువుకు 2,000, గ్యాసు, కరెంటు, నీళ్లకు 1,500, మందులు, ఫోన్లు, చిల్లర ఖర్చులు 2,000. మొత్తం 18,500. మహిళా సంఘంలో తీసుకున్న అప్పు వాయిదా 1,200. ఇవన్నీ పోగా మిగిలేది 4,000.

30 వేలకు ఏడాదికి 12 శాతం వడ్డీ, మన వాడుకలో రూపాయి వడ్డీ అనుకుందాం. బ్యాంకును బట్టి ఇది కాస్త అటూ ఇటూ ఉంటుంది. రెండేళ్లలో తీరిస్తే నెలకు 1,412, మూడేళ్లయితే 996. నాలుగు వేల మిగులులోంచి ఏదైనా కట్టవచ్చు కదా అనిపిస్తుంది. అయితే జులై, ఆగస్టు నెలల్లో ముసురు పట్టి బండి 18 రోజులే తిరిగిందనుకోండి. ఆమె సంపాదన 8,100కు పడిపోతుంది, 3,600 తగ్గుతుంది. ఇంట్లో మిగిలేది 400. ఆ నెలలో రెండేళ్ల వాయిదా అయితే వెయ్యికి పైగా తక్కువపడుతుంది, మూడేళ్ల వాయిదా అయితే ఆరొందలు. అందుకే మూడేళ్లు అడగడం మేలు. మొత్తం వడ్డీ 3,890 బదులు 5,870 అవుతుంది. ఆ రెండు వేల తేడాతో ఆమె కొనుక్కునేది వాన నెలల్లో ఊపిరి. బాగా నడిచిన నెలల్లో రెండు వాయిదాల సొమ్ము ఖాతాలో ఉంచితే ఆ ఆరొందలకు ఎవరి దగ్గరా చెయ్యి చాచక్కర్లేదు. డబ్బు చేరినప్పుడు ముందుగానే కట్టేయాలనుకుంటే దానికి ఛార్జీ ఉంటుందా అని సంతకం పెట్టేముందే అడగాలి.

ధరలు పెరిగితే లాభం పెరుగుతుంది కదా అని అడిగేవాళ్లుంటారు. 2023 జులైలో టమాటా కిలో వంద దాటినప్పుడు బండ్లవాళ్లకు జరిగింది వేరు. అదే రెండు వేలకు సగం సరుకు కూడా రాలేదు. కిలో కొనేవాళ్లు పావుకిలోకు దిగారు. కుళ్లిన ఒక్కో టమాటాకు నష్టం మాత్రం పెరిగింది. బండివాళ్లకు కలిసొచ్చేది ఇళ్లలో మాంసం తగ్గే శ్రావణం, కార్తీకం. ఆ నెలల అమ్మకాన్ని ఏడాదంతా చూపించకూడదు.

ఇంత లెక్కా ఒకటిన్నర పేజీలో సరిపోతుంది. అర్జీ ఇలా ఉండవచ్చు:

బ్రాంచి మేనేజర్ గారికి,
(బ్యాంకు పేరు, శాఖ, ఊరు)

విషయం: కూరగాయల వ్యాపారానికి మూడు చక్రాల సైకిల్ బండి కొనుటకు ముద్రా శిశు పథకం కింద రూ. 30,000 రుణం కోరుతూ.

అయ్యా,
నేను (పేరు, భర్త పేరు, చిరునామా) ఆరేళ్లుగా కూరగాయలు అమ్ముతున్నాను. మీ శాఖలో నాకు పొదుపు ఖాతా ఉంది, నంబరు (......). వీధి వ్యాపారిగా మున్సిపాలిటీ ఇచ్చిన గుర్తింపు కార్డు నంబరు (......).

ప్రస్తుతం నేల మీద కూర్చుని రోజుకు 30 కిలోలు అమ్ముతున్నాను. ఖర్చులు పోగా రోజుకు రూ. 200 మిగులుతోంది. బండి ఉంటే 80 కిలోలు తీసుకుని కాలనీలో తిరిగి అమ్మగలను. పారబోత, సాయంత్రం తగ్గించి అమ్మేది, ఆటో తదితర ఖర్చులు తీసేశాక రోజుకు రూ. 450, నెలకు 26 రోజులకు రూ. 11,700 మిగులుతుందని అంచనా. పూర్తి లెక్క విడిగా జతచేశాను.

మొత్తం అవసరం రూ. 33,000. బండికి 20,000, కాటాకు 3,000, క్రేట్లు, పట్టాకు 2,000, సరుకు పెట్టుబడికి 8,000. ఇందులో రూ. 3,000 నేను పెట్టుకుంటాను. మిగిలిన రూ. 30,000 మీ నుంచి రుణంగా కోరుతున్నాను.

మా ఇంటి మొత్తం ఆదాయం, ఖర్చులు, మహిళా సంఘంలో కడుతున్న వాయిదా నెలకు రూ. 1,200తో సహా లెక్కలో చూపాను. వర్షాకాలంలో వ్యాపార దినాలు తగ్గుతాయి కనుక 36 నెలల వాయిదాలు ఇప్పించగలరు. వాయిదా సొమ్మును నా పొదుపు ఖాతా నుంచి తీసుకోవడానికి అంగీకరిస్తున్నాను.

ఈ దరఖాస్తు అందినట్టు రసీదు ఇప్పించగలరు.

ఇట్లు,
(సంతకం, తేదీ, ఫోన్ నంబరు)

జతపరచినవి: ఆధార్, పాన్, వీధి వ్యాపారి కార్డు నకళ్లు, బండి కొటేషన్, ఆదాయం లెక్క, ఆరు నెలల ఖాతా స్టేట్‌మెంట్, రెండు ఫోటోలు.

ఈ జాబితాలో స్టేట్‌మెంట్ గురించి ఒక మాట. ఇప్పుడు బండ్ల మీద కూడా క్యూఆర్ కోడ్ ఉంటోంది. రోజూ అరవై, డెబ్బై, నూట ఇరవై అంటూ చిన్న చిన్న మొత్తాలు ఖాతాలో పడుతుంటాయి. అమ్మకాలకు అంతకు మించిన సాక్ష్యం లేదు. కానీ చాలా బండ్ల మీద అంటించిన కోడ్ కొడుకుదో, అల్లుడిదో అయి ఉంటుంది. అమ్మకమంతా ఆ పిల్లవాడి ఖాతాలో కనబడుతుంది, లోను అడిగే ఆమె ఖాతా మాత్రం ఖాళీగా ఉంటుంది. అర్జీ పెట్టడానికి ఆరు నెలల ముందే ఆ కోడ్ తన ఖాతాకు మార్చుకోవాలి.

సంఘం అప్పును దాచకుండా ఎందుకు రాయించానంటే, అది ఎలాగూ దొరుకుతుంది. పాన్, ఆధార్ ఇచ్చిన మరుక్షణం మేనేజర్ ముందున్న కంప్యూటర్లో ఆమె పేరు మీద ఉన్న అప్పులు, వాయిదాలు వచ్చేస్తాయి. ఫోన్ యాప్‌లో ఎప్పుడో తీసుకుని వదిలేసిన రెండు వేలు కూడా అందులో ఉండవచ్చు. అర్జీలు తిరిగొచ్చే కారణాల్లో అలాంటి పాత బాకీ ఒకటి. ముందే దాన్ని కట్టేసి, తీరినట్టు కాగితం తీసుకుని వెళ్తే ఆ ప్రశ్నకు జవాబు చేతిలో ఉంటుంది.

కంప్యూటర్లో కనబడని అప్పు ఒకటుంది, గిరిగిరి. పదివేలకు కాగితం రాయించుకుని 9 వేలు చేతికిస్తారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. వెయ్యి రూపాయలే కదా వడ్డీ అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే తిరిగి కడుతుంటే, వంద రోజుల్లో సగటున ఆమె దగ్గర ఉండేది నాలుగున్నర వేలే. దాని మీద వంద రోజులకు వెయ్యి అంటే ఏడాదికి దాదాపు 80 శాతం, నూటికి ఆరున్నర రూపాయల పైమాటే. బ్యాంకు లోనులో ఇదే సంగతి ఆమెకు కలిసొస్తుంది. రూపాయి వడ్డీ అంటే నెలకు 300 చొప్పున మూడేళ్లకు 10,800 కాదు, అసలు తగ్గేకొద్దీ వడ్డీ తగ్గి 5,870 దగ్గర ఆగుతుంది. గిరిగిరి బాకీ ఉంటే మేనేజర్‌కి తెలియకపోవచ్చు. కానీ రోజుకు వంద అంటే నెలకు 3,000, అది ఆ నాలుగు వేల మిగులులోంచే పోవాలి. అది ఉండగా బండి లోను తీసుకుంటే మొదటి వాన నెలలోనే వాయిదా తప్పుతుంది. ముందు గిరిగిరి తీర్చుకోవాలి, కుదరకపోతే ఆ సంగతి మేనేజర్‌కే చెప్పేయాలి.

ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబానికి హామీ లేకుండా ఇచ్చే అప్పుల విషయంలో, ఇంటి వాయిదాలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదని రిజర్వు బ్యాంకు 2022లో నియమం పెట్టింది. మన లెక్కలో రెండు వాయిదాలు కలిపి 2,196, ఆదాయంలో పదో వంతుకు లోపే. నియమం ప్రకారం ఆమెకు ఇంకా చాలా అప్పు పుడుతుంది. వాన నెల లెక్క చూశాక ఆ వెసులుబాటును వాడుకోకపోవడమే మంచిదనిపిస్తుంది.

అర్జీ తీసుకున్న బ్యాంకు రసీదు ఇవ్వాలి, నిర్ణయాన్ని రాతపూర్వకంగా చెప్పాలి. ప్రాధాన్య రంగ రుణాల మీద రిజర్వు బ్యాంకు నిబంధనల్లో ఈ రెండూ ఉన్నాయి. ఇంత చిన్న ప్రాధాన్య రంగ రుణాల మీద సర్వీసు ఛార్జీ, తనిఖీ ఛార్జీ వసూలు చేయకూడదని కూడా ఉంది. కాబట్టి "ఫైలు కదలాలంటే రెండు వేలు" అని బ్యాంకు బయట ఎవరైనా అడిగితే అతను దళారి. నెలల తరబడి తిప్పుకుంటూ నోటితోనే కాదంటే, అదే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఎలా రాయాలో 14448కి ఫోన్ చేస్తే చెబుతారు. లోను ఇవ్వమని అంబుడ్స్‌మన్ మేనేజర్‌ని శాసిస్తాడని ఆశపడకూడదు. రసీదు ఇవ్వకపోవడం, జవాబు చెప్పకపోవడం, అదనపు వసూళ్లు లాంటివి ఫిర్యాదులో నిలుస్తాయి. ఆదాయం సరిపోదన్న నిర్ణయం మేనేజర్‌దే.

లోను వస్తే, వాయిదా తేదీ నెలలో ఏ రోజు ఉండాలో అడిగి పెట్టించుకోవాలి. భర్త జీతం పడిన మర్నాడో రెండో నాడో అయితే ఖాతాలో డబ్బుంటుంది. ఆ రోజు డబ్బు లేక వాయిదా వెనక్కి వెళ్తే బ్యాంకు ఛార్జీ వేస్తుంది, ఆలస్యమైన సంగతి రికార్డులోనూ పడుతుంది. చివరి వాయిదా అయిపోయాక బాకీ లేదన్న కాగితం అడిగి తీసుకోవాలి. ఒకట్రెండు నెలల తర్వాత క్రెడిట్ రిపోర్టులో ఆ ఖాతా మూసినట్టు పడిందో లేదో చూసుకోవాలి. రిపోర్టును ఏడాదికోసారి ఉచితంగా ఇస్తారు. పాత బండికి బదులు బ్యాటరీ బండి కొనాలని ఆమె మళ్లీ అదే మేనేజర్ కుర్చీ ముందు నిలబడ్డప్పుడు, కంప్యూటర్ మొదట చూపించేది ఆ గీతే.